యాదృచ్ఛిక పిత్తాశయ క్యాన్సర్

పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయని శస్త్రచికిత్స చేసి తొలగించిన పిత్తాశయాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షించినపుడు, అంతకు ముందు ఎవరూ అనుమానించని క్యాన్సర్ అందులో కనిపిస్తే దానిని యాదృచ్ఛిక పిత్తాశయ క్యాన్సర్ అంటారు. రాళ్ల కోసం జరిగే శస్త్రచికిత్సలలో ఇది అరుదు. చాలా నివేదికల ప్రకారం తొలగించిన ప్రతి వెయ్యి పిత్తాశయాలలో సుమారు 2 నుండి 10 వరకు మాత్రమే ఇలా బయటపడతాయి. అయితే రాళ్ల శస్త్రచికిత్సలు చాలా పెద్ద సంఖ్యలో జరుగుతాయి కనుక, మొత్తం పిత్తాశయ క్యాన్సర్లలో ఈ రకానికి చెప్పుకోదగిన వాటా ఉంది.

పిత్తాశయాన్ని అప్పటికే తీసివేశారు కాబట్టి క్యాన్సర్ కూడా దానితో పాటే పోయిందని రోగి, బంధువులు భావించడం సహజం. క్యాన్సర్ పిత్తాశయపు గోడలో అతి పై పొరకే పరిమితమైనపుడు ఇది నిజమే. అంతకంటే లోతుకు వెళ్ళినపుడు మాత్రం కాలేయంలో కొంత భాగాన్ని, పరిసరాల్లోని లింఫు గ్రంథులను తొలగించే రెండవ శస్త్రచికిత్సను వైద్యులు తరచుగా సూచిస్తారు. అందుకు కారణం పిత్తాశయపు గోడ నిర్మాణంలోను, రాళ్ల శస్త్రచికిత్స జరిగే విధానంలోను ఉంది.

== ముందుగా ఎందుకు తెలియదు ==

పిత్తాశయ క్యాన్సర్ తొలిదశలో ప్రత్యేక లక్షణాలు ఉండవు. భోజనం తరువాత కడుపు పైభాగంలో కుడివైపు నొప్పి, వికారం, అజీర్ణం వంటివి రాళ్ల వలన కూడా కలుగుతాయి. ఈ క్యాన్సర్ ఉన్నవారిలో అధికశాతం మందికి రాళ్లు కూడా ఉంటాయి కాబట్టి అల్ట్రాసౌండ్ పరీక్షలో రాళ్లు కనబడగానే లక్షణాలన్నింటికీ కారణం దొరికినట్లే అనిపిస్తుంది. దీర్ఘకాలం రాళ్లున్న పిత్తాశయపు గోడ వాపు వలన మందంగా మారుతుంది. క్యాన్సర్ వలన కలిగే మందాన్ని ఈ వాపు నుండి వేరు చేసి గుర్తించడం కష్టం. రాళ్ల నీడ పడి వెనుకనున్న గోడ సరిగా కనిపించకపోవడం మరొక కారణం.

కొన్ని సందర్భాలలో శస్త్రచికిత్స జరుగుతుండగానే అనుమానం కలుగుతుంది. పిత్తాశయం కాలేయానికి గట్టిగా అతుక్కుని ఉండడం, గోడలో ఒకచోట గట్టి గడ్డ తగలడం, బయటికి తీసిన తరువాత కోసి చూస్తే లోపల పుండు గాని పెరుగుదల గాని కనిపించడం ఇందుకు సూచనలు. అయినప్పటికీ చాలామందిలో శస్త్రచికిత్స ఏ ఆటంకం లేకుండా పూర్తవుతుంది. రోగి ఇంటికి వెళ్ళిన తరువాత వచ్చే పాథాలజీ నివేదికలోనే క్యాన్సర్ సంగతి మొదటిసారి తెలుస్తుంది.

== పిత్తాశయపు గోడ నిర్మాణం ==

పిత్తాశయం కాలేయపు అడుగుభాగంలో ఒక గుంటలో అమరి ఉండే చిన్న సంచి. దాని గోడలో లోపలి నుండి బయటికి వరుసగా శ్లేష్మపు పొర, పలుచని కండర పొర, కండరం వెలుపలి సంధాయక కణజాలం ఉంటాయి. పేగుల గోడలో శ్లేష్మపు పొరకు, కండరానికి మధ్య ఉండే మరొక మందమైన పొర పిత్తాశయంలో లేదు. అందువలన శ్లేష్మపు పొరలో పుట్టిన క్యాన్సర్ తక్కువ దూరంలోనే కండరాన్ని దాటగలదు.

గోడ రెండు వైపులా ఒకే విధంగా ఉండదు. కడుపు కుహరం వైపున్న గోడను బయటినుండి ఉదరవేష్టనం అనే నునుపైన పొర కప్పి ఉంచుతుంది. కాలేయం వైపున ఈ పొర లేదు. అక్కడ కండరం వెలుపలి సంధాయక కణజాలం నేరుగా కాలేయపు సంధాయక కణజాలంతో కలిసిపోతుంది. చిన్న సిరలు, లింఫు నాళాలు పిత్తాశయం నుండి కాలేయంలోకి ఈ మార్గంలోనే సాగుతాయి. అనగా కాలేయం వైపు పెరిగే క్యాన్సర్‌కు ఎదురుగా అడ్డుగోడ ఏదీ ఉండదు.

== క్యాన్సర్ లోతు, దశలు ==

పాథాలజీ నివేదికలో "టి" అనే అక్షరంతో సూచించేది క్యాన్సర్ గోడలో ఎంత లోతుకు చేరిందన్న విషయాన్ని. 2018 నుండి అమలులోకి వచ్చిన అమెరికన్ జాయింట్ కమిటీ ఎనిమిదవ కూర్పు ప్రకారం ఈ దశలు ఇలా ఉన్నాయి:

* టి1ఏ: క్యాన్సర్ శ్లేష్మపు పొరకు పరిమితం, కండరాన్ని చేరలేదు.
* టి1బి: కండర పొరలోకి చేరింది, కాని దానిని దాటలేదు.
* టి2ఏ: కండరాన్ని దాటి, ఉదరవేష్టనం ఉన్న వైపు సంధాయక కణజాలంలో ఉంది.
* టి2బి: కండరాన్ని దాటి, కాలేయం వైపు సంధాయక కణజాలంలో ఉంది. కాలేయంలోకి ఇంకా చేరలేదు.
* టి3: పై పొరను చీల్చుకుని వచ్చింది, లేదా కాలేయంలోకి గాని పక్కనున్న ఒక అవయవంలోకి గాని చొచ్చుకుపోయింది.
* టి4: కాలేయానికి వెళ్ళే ప్రధాన రక్తనాళాలలోకి, లేదా కాలేయం కాక రెండు అంతకంటే ఎక్కువ అవయవాలలోకి చేరింది.

యాదృచ్ఛికంగా బయటపడే క్యాన్సర్లలో టి2 దశ తరచుగా కనిపిస్తుంది. రెండవ శస్త్రచికిత్స వలన ఎక్కువ ప్రయోజనం ఆశించదగినది కూడా ఈ దశలోనే.

== మొదటి శస్త్రచికిత్సలో మిగిలిపోయేవి ==

రాళ్ల కోసం పిత్తాశయాన్ని తొలగించేటపుడు శస్త్రవైద్యుడు కాలేయాన్ని గాయపరచకుండా, రక్తస్రావం లేకుండా పని పూర్తిచేయాలని చూస్తాడు. ఇందుకు అనువైన మార్గం కండరం వెలుపలి సంధాయక కణజాలం గుండానే సాగుతుంది. అది వదులుగా ఉంటుంది కాబట్టి పిత్తాశయం సులభంగా విడివడుతుంది. ఆ కణజాలంలో కొంత భాగం పిత్తాశయంతో పాటు బయటికి వస్తుంది, మిగిలినది కాలేయపు గుంటకు అంటుకుని ఉండిపోతుంది. రాళ్లు మాత్రమే ఉన్న రోగికి దీనివలన ఏ నష్టమూ లేదు. కాని టి2 క్యాన్సర్ ఉండేది సరిగ్గా ఆ కణజాలంలోనే. క్యాన్సర్ ఉన్నదని తెలియని వైద్యుడు సరైన పద్ధతిలోనే శస్త్రచికిత్స చేసినా, కత్తెర క్యాన్సర్‌కు అతి దగ్గరగా గాని, దాని మధ్యగా గాని సాగి ఉండవచ్చు.

రెండవ విషయం లింఫు గ్రంథులు. పిత్తాశయం నుండి బయలుదేరే లింఫు మొదట పిత్తాశయ నాళం పక్కనున్న గ్రంథికి, అక్కడి నుండి ఉమ్మడి పిత్తనాళం, కాలేయ ధమని, పోర్టల్ సిరల వెంబడి ఉన్న గ్రంథులకు, ఆ తరువాత క్లోమం తల వెనుకనున్న గ్రంథులకు చేరుతుంది. రాళ్ల శస్త్రచికిత్సలో వీటిని తొలగించరు. మహా అయితే నాళం పక్కనున్న ఒక్క గ్రంథి పిత్తాశయంతో పాటు వస్తుంది. అందువలన మొదటి నివేదికలో గ్రంథుల ప్రస్తావన లేకపోతే, అవి పరీక్షకు రాలేదని మాత్రమే అర్థం. వాటిలో క్యాన్సర్ లేదని కాదు.

మూడవది పిత్తాశయ నాళపు తెగిన అంచు. క్యాన్సర్ పిత్తాశయపు మెడ భాగంలో ఉంటే నాళం వెంబడి వ్యాపించి, క్లిప్పు పెట్టి కోసిన చోట మిగిలి ఉండవచ్చు.

అమెరికాలోను, ఇతర దేశాలలోను ఉన్న ఆరు పెద్ద కేంద్రాల రోగులను పరిశీలించి 2007లో ప్రచురించిన ఒక అధ్యయనం ఇలా మిగిలిపోవడం ఎంత తరచుగా జరుగుతుందో చూపింది. రెండవ శస్త్రచికిత్సలో టి2 రోగులలో సుమారు 57 శాతం మందికి, టి3 రోగులలో సుమారు 77 శాతం మందికి మిగిలిన క్యాన్సర్ కనిపించింది. టి2 రోగులలో దాదాపు మూడింట ఒక వంతు మందికి లింఫు గ్రంథులలోను, పదింట ఒకరికి కాలేయంలోను అది ఉంది. అనగా టి2 దశలో కాలేయం కంటే గ్రంథులలోనే క్యాన్సర్ మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. పిత్తాశయ నాళపు అంచులో క్యాన్సర్ లేనివారిలో 4 శాతం మందికి, ఉన్నవారిలో 42 శాతం మందికి ఉమ్మడి పిత్తనాళంలో వ్యాధి మిగిలి ఉంది.

== పిత్తాశయం చిట్లడం వలన కలిగే నష్టం ==

లాపరోస్కోపీ పద్ధతిలో పిత్తాశయాన్ని చిన్న రంధ్రం గుండా బయటికి లాగుతారు. వాచిన పిత్తాశయం ఆ ప్రయత్నంలో గాని, కాలేయం నుండి విడదీసేటపుడు గాని చిట్లితే పిత్తరసం, రాళ్లు కడుపులో ఒలుకుతాయి. రాళ్ల రోగిలో దీనిని కడిగివేస్తే సాధారణంగా సరిపోతుంది. క్యాన్సర్ ఉన్నపుడు ఆ పిత్తరసంతో పాటు క్యాన్సర్ కణాలు కూడా ఉదరవేష్టనం మీద పడి అక్కడ పెరగవచ్చు. పిత్తాశయాన్ని సంచిలో పెట్టకుండా లాగినపుడు రంధ్రం చేసిన చోట చర్మం కింద కూడా కణితి రావచ్చు.

ఇందువలన రెండవ శస్త్రచికిత్సలో ఆ రంధ్రాల చుట్టూ ఉన్న కణజాలాన్ని కోసివేయడం ఒకప్పుడు ఆనవాయితీగా ఉండేది. అలా చేసినందువలన రోగుల ఆయుర్దాయం పెరగలేదని తరువాతి అధ్యయనాలు తెలిపాయి. రంధ్రం వద్ద క్యాన్సర్ కనిపించడం చాలా సందర్భాలలో ఉదరవేష్టనం అంతటా వ్యాపించిందనడానికి గుర్తు కాబట్టి, ఇప్పుడు ఈ పనిని అందరికీ చేయడం లేదు.

== రెండవ శస్త్రచికిత్స ఎవరికి ==

టి1ఏ దశలో, అంచులలో క్యాన్సర్ లేకుండా, పిత్తాశయం చిట్లకుండా వచ్చినపుడు మొదటి శస్త్రచికిత్సే సరిపోతుంది. ఈ రోగులలో అత్యధికులు పూర్తిగా కోలుకుంటారు. టి1బి విషయంలో అభిప్రాయభేదాలు ఉన్నాయి. కొందరిలో లింఫు గ్రంథులకు వ్యాప్తి కనిపించడం వలన, ఆరోగ్యం అనుకూలిస్తే రెండవ శస్త్రచికిత్స చేయడమే మంచిదని అనేక మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. టి2 దశలోను, తొలగించడానికి వీలైన టి3 దశలోను ఇది సాధారణంగా ఇవ్వబడే సలహా.

క్యాన్సర్ కాలేయంలో దూరంగా, ఉదరవేష్టనం మీద లేదా ఊపిరితిత్తులలో కనిపిస్తే రెండవ శస్త్రచికిత్స వలన ప్రయోజనం ఉండదు. అటువంటి వారికి మందులతోనే చికిత్స చేస్తారు. కామెర్లు రావడం మంచి సూచన కాదు. అయితే మొదటి శస్త్రచికిత్సలో పిత్తనాళానికి తగిలిన గాయం వలన లేదా నాళంలోకి జారిన రాయి వలన కూడా కామెర్లు రావచ్చు కనుక, కారణం తేల్చుకున్న తరువాతే నిర్ణయం తీసుకోవాలి.

== ముందు చేయవలసిన పరీక్షలు ==

మొదటి పని పాథాలజీ గాజుపలకలను ఈ వ్యాధిలో అనుభవమున్న మరొక పాథాలజిస్టు చేత తిరిగి పరీక్ష చేయించడం. క్యాన్సర్ ఎంత లోతుకు చేరింది, కాలేయం వైపు ఉందా ఉదరవేష్టనం వైపు ఉందా, నాళపు అంచు ఎలా ఉంది, గ్రంథి ఏదైనా దొరికిందా అన్న నాలుగు విషయాలు అందులో స్పష్టం కావాలి. పిత్తాశయం నుండి కొన్ని ముక్కలనే పరీక్షించి ఉంటే, భద్రపరచిన మిగతా భాగం నుండి మరికొన్ని ముక్కలు తీస్తారు. టి1ఏ అనుకున్నది టి2 అని తేలడం, లేదా అందుకు విరుద్ధంగా జరగడం ఇలాంటి పునఃపరీక్షలలో సంభవిస్తుంది.

మొదటి శస్త్రచికిత్స నివేదిక కూడా అంతే అవసరం. పిత్తాశయం చిట్లిందా, సంచిలో పెట్టి తీశారా, కాలేయానికి అతుక్కుని ఉందా అన్నవి అందులో మాత్రమే దొరుకుతాయి. ఆ తరువాత ఛాతీకి, కడుపుకు సీటీ స్కాన్ చేస్తారు. అనుమానం ఉన్నచోట పెట్-సీటీ స్కాన్ ఉపయోగపడుతుంది. అయితే శస్త్రచికిత్స జరిగిన కొద్ది వారాల వరకు గాయం మానుతున్న చోట కూడా పెట్-సీటీలో వెలుగు కనిపించవచ్చు. కనుక కాలేయపు గుంటలో కనిపించే ప్రతి వెలుగూ క్యాన్సర్ కాదు.

రెండవ శస్త్రచికిత్స ఎప్పుడు చేయాలన్నది మరొక ప్రశ్న. అమెరికాలోని పది సంస్థలలో 207 మంది రోగులపై జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి శస్త్రచికిత్స తరువాత 4 నుండి 8 వారాల మధ్య రెండవది జరిగినవారు ఎక్కువ కాలం జీవించారు. మరీ ముందుగా వెళితే వాపు ఇంకా తగ్గి ఉండదు, దాగి ఉన్న వ్యాప్తి పైకి కనిపించడానికి సమయం చాలదు. మరీ ఆలస్యమైతే వ్యాధి పెరిగే ప్రమాదం ఉంది. ఇది పాత రికార్డుల ఆధారంగా జరిగిన అధ్యయనం కాబట్టి ఈ వారాల లెక్కను స్థూలమైన మార్గదర్శనంగానే తీసుకోవాలి.

== రెండవ శస్త్రచికిత్స విధానం ==

మొదట లాపరోస్కోపుతో కడుపులోకి చూసి, స్కానులో కనిపించని చిన్న కణితులు ఉదరవేష్టనం మీద గాని కాలేయం మీద గాని ఉన్నాయేమో వెతుకుతారు. టి3 దశలోను, పిత్తాశయం చిట్లినవారిలోను, నాళపు అంచులో క్యాన్సర్ ఉన్నవారిలోను ఇది ముఖ్యం. కణితులు కనిపిస్తే పెద్ద కోత లేకుండానే అక్కడితో ఆపివేయవచ్చు. తరువాత బృహద్ధమనికి, అధో మహాసిరకు మధ్యనున్న గ్రంథుల నుండి నమూనా తీసి అక్కడికక్కడే పరీక్ష చేయిస్తారు. ఆ గ్రంథులకు క్యాన్సర్ చేరి ఉంటే అది దూరవ్యాప్తితో సమానం కాబట్టి చాలామంది వైద్యులు ముందుకు వెళ్ళరు.

ఇవన్నీ అనుకూలంగా ఉంటే పిత్తాశయపు గుంటను చుట్టి ఉన్న కాలేయాన్ని 2 నుండి 3 సెంటీమీటర్ల మందం మేర, లేదా కాలేయపు 4బి, 5 భాగాలను పూర్తిగా తొలగిస్తారు. ఈ రెండు పద్ధతులలో ఒకటి మరొకదానికంటే మెరుగైనదని రుజువు కాలేదు. గుంటలో మిగిలిన కణజాలమంతా శుభ్రమైన అంచుతో బయటికి రావడమే ముఖ్యం. పైన చెప్పిన మార్గంలోని లింఫు గ్రంథులను వాటి చుట్టూ ఉన్న కొవ్వుతో సహా తొలగిస్తారు. దశను నమ్మకంగా నిర్ణయించడానికి కనీసం 6 గ్రంథులు పరీక్షకు అందాలి.

పిత్తాశయ నాళపు మొదలును కూడా తిరిగి కోసి పరీక్షిస్తారు. అందులో క్యాన్సర్ ఉంటేనే ఉమ్మడి పిత్తనాళాన్ని తొలగించి, చిన్నపేగును కాలేయం వద్ద నాళానికి కలుపుతారు. అందరికీ పిత్తనాళాన్ని తొలగించడం వలన లాభం కనిపించలేదు, పైగా అతుకు వద్ద పిత్తరసం కారడం వంటి చిక్కులు పెరుగుతాయి.

== ఒక ఉదాహరణ ==

కింది రోగి వృత్తాంతం విషయాన్ని వివరించడానికి కల్పించినది. 54 సంవత్సరాల స్త్రీకి రాళ్ల వలన నొప్పి వస్తుండగా లాపరోస్కోపీతో పిత్తాశయాన్ని తొలగించారు. విడదీసేటపుడు పిత్తాశయం చిట్లి కొంచెం పిత్తరసం ఒలికిందని శస్త్రచికిత్స నివేదికలో ఉంది. రెండవ రోజున ఆమె ఇంటికి వెళ్ళింది. పది రోజుల తరువాత వచ్చిన పాథాలజీ నివేదికలో 1.8 సెంటీమీటర్ల క్యాన్సర్ కండరాన్ని దాటి కాలేయం వైపు కణజాలంలోకి చేరిందని, నాళపు అంచు శుభ్రంగా ఉందని, గ్రంథులేవీ అందలేదని ఉంది. అనగా ఇది టి2బి. గ్రంథులలో వ్యాధి లేదని అనుకుంటే ఇది 2బి దశ అవుతుంది.

ఆమెకు నొప్పి తగ్గింది, ఆకలి బాగుంది, సీటీ స్కానులో ఏమీ కనిపించలేదు. ఇటువంటి స్థితిలో మళ్ళీ పెద్ద శస్త్రచికిత్స ఎందుకన్న ప్రశ్న సహజంగా వస్తుంది. ఆరవ వారంలో లాపరోస్కోపుతో చూసినపుడు ఉదరవేష్టనం శుభ్రంగా ఉంది, బృహద్ధమని పక్కనున్న గ్రంథిలో క్యాన్సర్ లేదు. కాలేయపు భాగాన్ని, 9 గ్రంథులను తొలగించారు. కాలేయంలో క్యాన్సర్ లేదు. 9 గ్రంథులలో ఒకదానిలో మాత్రం ఉంది. దీనితో ఆమె వ్యాధి 2బి నుండి 3బి దశకు మారింది.

ఈ శస్త్రచికిత్స రెండు పనులు చేసింది. స్కానుకు అందనంత చిన్నదిగా మిగిలిన వ్యాధిని తొలగించింది. గ్రంథులకు వ్యాప్తి జరిగిందన్న సంగతిని బయటపెట్టి, తరువాతి మందుల అవసరాన్ని స్థిరపరచింది. మొదటి శస్త్రచికిత్సతోనే ఆగి ఉంటే ఆ గ్రంథి అక్కడే ఉండిపోయేది. అయితే పిత్తరసం ఒలికిన కారణంగా ఉదరవేష్టనం మీద వ్యాధి తిరిగి వచ్చే ప్రమాదాన్ని ఈ శస్త్రచికిత్స తొలగించలేదు. అందువలన ఆమెను స్కానులతో క్రమంగా పరిశీలిస్తూ ఉండాలి.

== తరువాతి చికిత్స ==

బ్రిటన్‌లో జరిగి 2019లో ప్రచురితమైన బిల్‌క్యాప్ పరీక్షలో, పిత్తనాళ, పిత్తాశయ క్యాన్సర్లకు శస్త్రచికిత్స జరిగిన 447 మందిలో సగం మందికి కాపెసిటబీన్ మాత్రలను ఆరు నెలల పాటు ఇచ్చారు. మాత్రలు తీసుకున్నవారిలో సగం మంది జీవించిన కాలం సుమారు 51 నెలలు, తీసుకోనివారిలో 36 నెలలు. మొత్తం రోగులను లెక్కలోకి తీసుకున్నపుడు ఈ తేడా గణాంకశాస్త్రపు కచ్చితమైన హద్దును చేరలేదు. అయినప్పటికీ ఈ ఫలితం ఆధారంగానే కాపెసిటబీన్ ఇవ్వడం వాడుకలోకి వచ్చింది.

== పరిమితులు ==

రెండవ శస్త్రచికిత్స జరిగినవారిని, జరగనివారిని చీటీ పద్ధతిలో విభజించి పోల్చిన పెద్ద పరీక్ష లేదు. అందుబాటులో ఉన్న ఆధారాలన్నీ పాత రికార్డుల నుండి వచ్చినవి. సాధారణంగా ఆరోగ్యంగా ఉన్నవారికే పెద్ద శస్త్రచికిత్స చేస్తారు కాబట్టి, వారు ఎక్కువ కాలం జీవించడంలో కొంత భాగం ఆ ఎంపిక వలన కూడా కావచ్చు. రెండవ శస్త్రచికిత్సలో మిగిలిన క్యాన్సర్ కనిపించినవారి భవిష్యత్తు, ఏమీ కనిపించనివారితో పోలిస్తే చాలా తక్కువ ఆశాజనకంగా ఉంటుంది. ఏమీ దొరకలేదంటే శస్త్రచికిత్స వృథా అయిందని కొందరు భావిస్తారు. నిజానికి రోగికి అదే మంచి వార్త, కాని ఆ సంగతి ముందుగా చెప్పగల పరీక్ష లేదు.

== భారతదేశంలో ==

పిత్తాశయ క్యాన్సర్ ప్రపంచంలో చిలీ, ఉత్తర భారతదేశం వంటి కొన్ని ప్రాంతాలలో అధికం. భారతదేశంలో గంగా, బ్రహ్మపుత్ర మైదానాలలోని ఉత్తర ప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్, అస్సాం రాష్ట్రాలలో ఎక్కువగాను, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా దక్షిణాదిలో తక్కువగాను కనిపిస్తుంది. స్త్రీలలో పురుషులకంటే ఎక్కువ.

వ్యాధి తక్కువగా ఉన్న ప్రాంతాలలో తొలగించిన పిత్తాశయాన్ని పరీక్షకు పంపకుండా, రాళ్లతో పాటు రోగి బంధువులకు చూపించి పారవేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అలా పారవేసినపుడు టి2 దశలోని క్యాన్సర్ గుర్తింపబడకుండా పోతుంది. కొన్ని నెలల తరువాత కామెర్లతోనో, కడుపులో నీటితోనో రోగి తిరిగి వచ్చేసరికి రెండవ శస్త్రచికిత్సకు అవకాశం ఉండదు. అందువలన పైకి మామూలుగా కనిపించినా పిత్తాశయాన్ని కోసి చూడడం, పాథాలజీకి పంపడం, వచ్చిన నివేదికను రోగికి అందజేయడం అవసరం. కుట్లు విప్పే రోజుకు నివేదిక రాకపోతే దానిని అడిగి తీసుకోవలసిన బాధ్యత రోగి కుటుంబానిది కూడా.